నెయ్యి డబ్బా, తేనె బాటిల్ డూప్లికేటో కాదో ఫోటోల్లో ఎలా పట్టుకోవాలి

మాది బెంగళూరు, మారతహళ్ళి. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు వాళ్ళం ఒక నలభై ఫ్యామిలీస్ ఉంటాం, ఆ వాట్సాప్ గ్రూప్‌లో నెలకి నాలుగైదు సార్లు ఎవరో ఒకరు నెయ్యి డబ్బా ఫోటో పెట్టి "అన్నా ఇది ఒరిజినలేనా చూసి చెప్పవా" అని అడుగుతారు. నేను పీణ్య సైడ్ ప్యాకింగ్ యూనిట్‌లో క్వాలిటీలో తొమ్మిదేళ్ళు చేశా కాబట్టి నన్నే అడుగుతారు. 2025 నవంబర్‌లో సిటీ క్రైమ్ బ్రాంచ్ సీసీబీ పోలీసులు, నందిని బ్రాండ్ నడిపే కేఎంఎఫ్ వాళ్ళు కలిసి ఇక్కడే చామరాజపేటలో వేల లీటర్ల నకిలీ నందిని నెయ్యి పట్టుకున్నారు కదా, పామాయిల్, కొబ్బరినూనె కలిపి తమిళనాడు సైడ్ నుంచి తెచ్చేవాళ్ళు, అప్పటి నుంచి ఈ అడగడం ఇంకా ఎక్కువైంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒకటి క్లియర్‌గా చెప్పేస్తా. ఫోటో చూసి లోపల ఉన్నది ప్యూరా కాదా అని ఎవరూ చెప్పలేరు, నేను కూడా. ఫోటోతో తేలేది ఒక్కటే, ఈ ప్యాక్ నిజంగా ఆ కంపెనీ లైన్ మీద నుంచి వచ్చిందా లేక ఎవరో ఆ పేరుతో నింపి అమ్ముతున్నారా అన్నది. ఈ రెండూ వేరు వేరు గొడవలు. 2020లో ఢిల్లీలోని సీఎస్ఈ అనే పరిశోధన సంస్థ వాళ్ళు తేనె శాంపిల్స్ టెస్ట్ చేయిస్తే 13 బ్రాండ్లలో 10 ఎన్ఎంఆర్ అనే, చక్కెర పాకం కల్తీ పట్టుకునే ల్యాబ్ టెస్ట్‌లో ఫెయిల్ అయ్యాయి, అవన్నీ లేబుల్, సీల్ సరిగ్గా ఉన్న బాటిల్సే. దానికి ల్యాబే దిక్కు. ఇక్కడ నేను చెప్పేది డూప్లికేట్ ప్యాక్ సంగతి.

కావాల్సినవి

ఫోన్, ఇంకో ఫోన్ లేదా చిన్న టార్చ్, ఒక తెల్ల పేపర్, పిల్లల జామెట్రీ బాక్స్‌లో స్కేలు, కొన్న బిల్లు. వీటన్నిటికంటే ముఖ్యమైనది అదే బ్రాండ్, అదే సైజు ప్యాక్ ఇంకొకటి, అది కంపెనీ సొంత పార్లర్‌లోనో, పెద్ద సూపర్ మార్కెట్‌లోనో కొన్నది అయ్యుండాలి. కొనక్కర్లేదు, షాప్‌కి వెళ్ళినప్పుడు ర్యాక్‌లో ఉన్నదాన్నే నాలుగు ఫోటోలు తీసుకొచ్చుకున్నా చాలు. పక్కన పెట్టి చూడ్డానికి ఏదీ లేకపోతే సగం చెక్ పోయినట్టే.

1. ఫోటోలు సరిగ్గా తీయండి

నాకు వచ్చే ఫోటోల్లో సగం పనికిరావు, డబ్బా ముందు వైపు ఒక్కటే తీసి పంపిస్తారు, ఫ్లాష్ పడి మధ్యలో తెల్లగా ఉంటుంది. ముందు వైపు నాకు అసలు అవసరమే లేదు అనుకోండి, ఎందుకంటే ప్రింట్ వేసేవాడికి అన్నిటికంటే ఈజీగా వచ్చేది అదే.

తీయాల్సినవి ఇవి: వెనక లేబుల్ మొత్తం, బ్యాచ్ నంబర్ డేట్ ఉన్న చోటు దగ్గరగా, మూత పక్క నుంచి, మూత తీశాక లోపల ఫాయిల్ పై నుంచి, ప్యాకెట్ అయితే పైన కింద వెనక మూడు అతుకులు, చివరగా బిల్లు. ఫ్లాష్ ఆపేసి టార్చ్‌ని పక్క నుంచి వాలుగా వేయండి, అప్పుడు అతుకు గీతలు, స్టిక్కర్ అంచులు, చెరిపిన గుర్తులు పైకి కనపడతాయి. ఫోన్‌ని మరీ దగ్గర పెడితే బ్లర్ అవుతుంది, జానెడు దూరంలో పెట్టి రెండింతలు జూమ్ చేయండి. పక్కన స్కేలు పెడితే అక్షరాల సైజు పోల్చుకోవచ్చు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే అది సైజు తగ్గించేస్తుంది, బ్యాచ్ నంబర్‌లో 8 ఏదో 3 ఏదో తెలీదు, అక్కడే మనకి కావాల్సిన విషయం ఉంటుంది. ఫోటోని షార్ప్ చేసే యాప్స్ కూడా వాడొద్దు, అవి లేని గీతలు పుట్టిస్తాయి.

ఆన్‌లైన్ లిస్టింగ్‌లో ఉండే బొమ్మలతో పోల్చొద్దు. అవి కంప్యూటర్‌లో చేసిన బొమ్మలు, చాలావాటిలో బ్యాచ్ కోడే ఉండదు, లేబుల్ కూడా రెండేళ్ళ కిందటిది అయ్యుండొచ్చు.

2. అది అసలు నెయ్యేనా, తేనేనా చదవండి

చాలామంది డూప్లికేట్ అని పంపేవి డూప్లికేట్ కూడా కావు, అసలు నెయ్యే కానివి. పూజ సామాన్ల షాపుల్లో దీపారాధనకి అమ్మే డబ్బాలు ఉంటాయి, ముందు ఆవు బొమ్మ ఉంటుంది, వెనక చిన్నగా ఇది తినడానికి కాదు అని రాసి ఉంటుంది. తేనెలో కూడా అంతే, ముందు పెద్ద అక్షరాలతో హనీ అని, వెనక పదార్థాల లిస్టులో ఇన్వర్ట్ షుగర్ సిరప్, గ్లూకోజ్ సిరప్, ఫ్లేవర్ అని. కాబట్టి వెనక లేబుల్‌లో పదార్థాల లైన్ ఫస్ట్ చదవండి. నెయ్యి అయితే పాల కొవ్వు తప్ప వేరే నూనె పేరు రాకూడదు, తేనె అయితే తేనె ఒక్కటే ఉండాలి.

బరువు లైన్ కూడా చూడండి. నెయ్యి నీళ్ళకంటే తేలిక, లీటర్ నెయ్యి దాదాపు 905 నుంచి 910 గ్రాములు తూగుతుంది. లీటర్ డబ్బా మీద ఒక కేజీ అని కూడా రాసి ఉంటే ఆ లేబుల్ రాసినవాడికి నెయ్యి సంగతి తెలీదన్నమాట. తేనె అందుకు రివర్స్, అర కేజీ తేనె సుమారు 350 మి.లీ. చోటే తీసుకుంటుంది. అయితే ఇంట్లో తూకం వేసి ప్యూర్ అని మాత్రం తేల్చేయకండి, పామాయిల్ బరువు కూడా ఇంచుమించు నెయ్యి అంతే ఉంటుంది.

3. లైసెన్స్ నంబర్ చెక్ చేయండి, కానీ అక్కడే ఆగిపోకండి

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు పక్కన 14 అంకెల నంబర్ ఉంటుంది. ముందు లెక్కపెట్టండి, 13 ఉన్నా 15 ఉన్నా అక్కడితో కథ అయిపోయింది. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తర్వాత రెండంకెలు రాష్ట్రం, కర్ణాటక 12, తమిళనాడు 24, ఆంధ్ర 01, తెలంగాణ 36, సెంట్రల్ లైసెన్స్ అయితే 00. ఆ తర్వాత రెండంకెలు ఇచ్చిన సంవత్సరం. ఊరంతా తెలిసిన పెద్ద డైరీ పేరు వేసుకుని నంబర్ 2తో మొదలైతే అనుమానించాల్సిందే.

తర్వాత foscos.fssai.gov.in తెరిచి FBO Search లో ఆ నంబర్ కొట్టండి, కంపెనీ పేరు, అడ్రస్, లైసెన్స్ నడుస్తోందా లేదా వస్తుంది. లేబుల్ మీద అడ్రస్‌తో ఊరు పేరు దాకా పోల్చండి. లేబుల్ మీద ఒకటికి మించి నంబర్లు ఉంటే కంగారు పడకండి, తయారు చేసినవాళ్ళది ఒకటి, అమ్మేవాళ్ళది ఒకటి ఉంటుంది, రెండూ కొట్టి చూడండి.

ఇప్పుడు ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే, సైట్‌లో కంపెనీ పేరు కరెక్ట్‌గా వచ్చింది కాబట్టి ప్యాక్ ఒరిజినల్ అనేసుకుంటారు. డూప్లికేట్ చేసేవాడు నంబర్ కొత్తగా కనిపెట్టడు కదా, అసలు లేబుల్ స్కాన్ చేసి అదే ప్రింట్ వేస్తాడు, నంబర్ కూడా అసలుదే వస్తుంది. బార్‌కోడ్, క్యూఆర్ కోడ్ కూడా అంతే, స్కాన్ చేస్తే అసలు కంపెనీ పేజీకే వెళ్తుంది. అందుకే నంబర్ తప్పయితే ప్యాక్ తప్పు, నంబర్ కరెక్ట్ అయితే ఇంకా ఏమీ తేలలేదు. అగ్‌మార్క్ గుర్తు విషయంలో కూడా ఇదే లెక్క.

4. బ్యాచ్ కోడ్ దగ్గర టైమ్ పెట్టండి

నేను చూసే ఫోటోల్లో ఎక్కువ దొరికేది ఇక్కడే. లేబుల్ అనేది ముందే లక్షల్లో ప్రింట్ అయి వస్తుంది, బ్యాచ్, డేట్, ఎంఆర్‌పీ మాత్రం నింపేటప్పుడు లైన్ మీద మెషీన్ కొడుతుంది. డబ్బాలకి ఎక్కువగా ఇంక్‌జెట్ కోడర్ వాడతారు, జూమ్ చేస్తే అక్షరాలు చిన్న చిన్న చుక్కలతో కట్టినట్టు కనపడతాయి, డబ్బాలు బెల్ట్ మీద కదులుతూ ఉంటాయి కాబట్టి ఒకదానికి ఇంకోదానికి కోడ్ రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుగుతుంది, ఒక్కోసారి కొంచెం వంకరగా కూడా ఉంటుంది. ఆ జరగడమే మంచి గుర్తు. డూప్లికేట్ వాళ్ళు చాలాసార్లు కోడ్‌ని కూడా లేబుల్‌తో పాటే ప్రింట్ వేయించేస్తారు, అప్పుడు అన్ని డబ్బాల మీద అదే చోట, అంతే నీట్‌గా, మిగతా నల్ల అక్షరాలు ఎంత నున్నగా ఉంటే అంత నున్నగా ఉంటుంది. ప్యాకెట్లకి, కొన్ని బాటిల్స్‌కి రిబ్బన్ ప్రింటర్‌తోనో లేజర్‌తోనో కొడతారు, వాటిలో చుక్కలు ఉండవు, అందుకే చుక్కలు లేవని ఒక్క ముక్క పట్టుకుని తీర్పు ఇవ్వకండి, మీ దగ్గర ఉన్న అసలు ప్యాక్‌లో ఎలా ఉందో చూసి అలాగే ఉందా అని అడగండి.

కోడ్ ఎలా ప్రింట్ అయింది అన్నది అయ్యాక, అందులో రాసింది చదవండి. మూడు లెక్కలు చేయాలి.

మొదటిది ప్లాంట్ అక్షరం. పెద్ద కంపెనీలకి నాలుగైదు ప్లాంట్లు ఉంటే లేబుల్ మీద అన్ని అడ్రసులూ వేసి, బ్యాచ్ నంబర్‌లో మొదటి అక్షరాన్ని బట్టి ఏ ప్లాంటో చూసుకోమని చిన్నగా రాస్తారు. బ్యాచ్ మొదట్లో ఉన్న అక్షరం ఆ లిస్టులో ఉందా చూడండి.

రెండోది డేట్. లేబుల్ మీద ప్యాక్ చేసిన రోజు నుంచి ఇన్ని నెలలు అని ఉంటుంది, కోడ్‌లో ప్యాకింగ్ డేట్, ఎక్స్‌పైరీ డేట్ రెండూ ఉంటే వేళ్ళ మీద లెక్కపెట్టండి, ఒక రోజు తేడా పర్లేదు, మూడు నెలల తేడా వస్తే తప్పు. కొన్ని కంపెనీలు బ్యాచ్‌లోనే సంవత్సరంలో ఎన్నో రోజో వేస్తాయి, 318 అంటే 2025లో నవంబర్ 14. ప్యాకింగ్ డేట్ ఆగస్ట్ అని ఉండి బ్యాచ్‌లో 318 ఉంటే అడగాల్సిన మాటే, కాకపోతే అందరూ ఈ పద్ధతి వాడరు, అసలు ప్యాక్‌లో ఈ లెక్క కుదురుతోందో లేదో ముందు చూసుకోండి.

మూడోది ఎంఆర్‌పీ, ఇది చాలామంది వదిలేస్తారు. ధర ఎప్పుడు మారిందో పేపర్లలో వస్తుంది కదా, దాన్ని ప్యాకింగ్ డేట్ పక్కన పెట్టండి. ఉదాహరణకి నందిని నెయ్యి లీటర్ 2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ తగ్గినప్పుడు 650 నుంచి 610 అయింది, మళ్ళీ నవంబర్ మొదట్లో 700 చేశారు. అక్టోబర్‌లో ప్యాక్ అయిందని చెప్పే డబ్బా మీద 700 ప్రింట్ ఉంటే ఆ డేట్ నిజం కాదేమో అనుకోవాలి. కానీ దీనికి ఒక మినహాయింపు ఉంది, ఆ జీఎస్‌టీ తగ్గింపు టైమ్‌లో పాత స్టాక్ మీద కొత్త ధర స్టిక్కర్ వేసుకోవచ్చని గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చింది, కాబట్టి ధర తగ్గించిన స్టిక్కర్ ఉంటే అది మోసం అనేయకండి, కింద పాత ధర కనపడుతూ ఉండాలి అంతే. డేట్ మీద స్టిక్కర్ ఉంటే మాత్రం అసలు తీసుకోవద్దు.

యూట్యూబ్‌లో చూసి నెయిల్ పాలిష్ రిమూవర్‌తో కోడ్ రుద్ది, చెరిగిపోయింది కాబట్టి డూప్లికేట్ అని నాకు వీడియోలు పంపుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంక్‌జెట్ ఇంకు ఒరిజినల్ డబ్బా మీదైనా ఆ రిమూవర్‌కి చెరిగిపోతుంది, దానికి తోడు మీ దగ్గర ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మీరే తుడిచేసుకున్నట్టు అవుతుంది.

వదిన వాళ్ళ ఆరు డబ్బాలు

మొన్న సంక్రాంతికి మా పై ఫ్లోర్ వదిన అరిసెలకి, సున్నుండలకి అని ఒక పెద్ద డైరీ బ్రాండ్ లీటర్ డబ్బాలు ఆరు కొంది. హోల్‌సేల్ అని చెప్పి బండిలో తెచ్చి అమ్మారు, డబ్బా మీద 700 ఉంటే 540కి ఇచ్చారు, బిల్లు లేదు. "వాసన కొంచెం తేడాగా ఉంది తమ్ముడూ, నా అనుమానమో ఏమో" అంది. నెయ్యి వాసన, రంగు, పూస నేను పట్టించుకోను, గేదె నెయ్యి ఒకలా, ఆవు నెయ్యి ఒకలా ఉంటుంది, మన బెంగళూరు చలికి గడ్డకట్టే తీరు కూడా మారుతుంది, డూప్లికేట్ వాళ్ళు ఎసెన్స్ కూడా వేస్తారు. ఫోటోలు తీయమన్నా.

లైసెన్స్ నంబర్ కొడితే అసలు కంపెనీ పేరే వచ్చింది. క్యూఆర్ కూడా సరిగ్గానే తెరుచుకుంది. వదిన అప్పటికే "హమ్మయ్య" అనేసింది. అప్పుడు ఆరు డబ్బాలూ వరుసగా పెట్టి కోడ్ ఫోటోలు తీశాం, లేబుల్ అంచు నుంచి కోడ్ మొదటి అక్షరం దాకా స్కేలుతో కొలిస్తే ఆరింటికీ సరిగ్గా 11 మిల్లీమీటర్లే. అసలు పార్లర్ నుంచి రెండు డబ్బాలు తెస్తే వాటిలో ఒకటి 9, ఒకటి 12. జూమ్ చేస్తే అసలు వాటిలో చుక్కలు, వదిన వాటిలో నున్నటి అక్షరాలు. ఇదంతా ఒక ఎత్తు, బ్యాచ్ మొదటి అక్షరం K అని ఉంది, లేబుల్ మీద ప్లాంట్ల లిస్టులో K అన్నదే లేదు. ఇక దాంతో నాకు డౌట్ పోయింది.

అయినా మేము డూప్లికేట్ అని గ్రూప్‌లో పెట్టలేదు. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోటోలన్నీ మెయిల్ చేశాం, మూడు రోజులకి ఆ బ్యాచ్ మాది కాదు, డబ్బా తెరవకుండా ఉంచండి అని రిప్లై ఇచ్చి మనిషిని పంపి రెండు డబ్బాలు తీసుకెళ్ళారు. తెరిచిన రెండు డబ్బాల నెయ్యి వదిన పారబోసేసింది, బాధగానే ఉంటుంది, అరిసెలు అప్పటికే ఊరికి పంపేసింది పాపం.

5. సీల్, ముఖ్యంగా తేనెకి

తేనెలో ఎక్కువ భయం లేబుల్ కాపీ కాదు, ఖాళీ బాటిల్స్ మళ్ళీ నింపడం. పాత సామాన్ల వాడి దగ్గర మంచి బాటిల్స్ లేబుల్‌తో సహా దొరుకుతాయి, అప్పుడు లేబుల్ అసలుది, బ్యాచ్ కోడ్ కూడా అసలుదే, పైన చెప్పినవన్నీ పాస్ అయిపోతాయి. అక్కడ పట్టిచ్చేది సీల్ ఒక్కటే.

మూత తెరవక ముందు పక్క నుంచి ఫోటో తీయండి. మూత కింద రింగు ఉండే రకం అయితే ఆ రింగుకి మూతకి మధ్య సన్న ప్లాస్టిక్ పోగులు అన్నీ తెగకుండా ఉండాలి, తెగినవి మళ్ళీ అతకవు. బయట ప్లాస్టిక్ ష్రింక్ కవర్ ఉంటే అది ముడతలు లేకుండా సమంగా పట్టి ఉండాలి, ఇంట్లో హెయిర్ డ్రయర్‌తో వేసినవి ఒక పక్క వదులుగా, ఒక పక్క కాలి తెల్లబడి ఉంటాయి.

తర్వాత మూత తీసే ముందు వీడియో ఆన్ చేసి తీయండి. కంపెనీ లైన్‌లో అల్యూమినియం ఫాయిల్‌ని వేడితో బాటిల్ మూతికి అతికిస్తారు, జిగురు ఉండదు, చుట్టూ ఒకే వెడల్పులో పట్టు ఉంటుంది, పీకితే గట్టిగా వస్తుంది, అంచు మీద చుట్టూ సమంగా గుర్తు మిగులుతుంది. మళ్ళీ నింపిన వాటిలో ఫాయిల్ కింద జిగురు మరకలు, మూతి అంచు మీద పాత ఫాయిల్ పొర మిగిలిపోయి దాని మీద కొత్తది, ఫాయిల్ మధ్యలో లేకుండా పక్కకి జరిగి ఉండడం కనపడతాయి. టార్చ్ పక్క నుంచి వేస్తే ఆ రెండు పొరలు ఫోటోలో బాగా తెలుస్తాయి. చిన్న తేనె సహకార సంఘాలు, రైతులు నమ్మకంగా అమ్మేవాళ్ళు కూడా మెషీన్ లేక జిగురు ఫాయిల్ వాడతారు, కాబట్టి ఇది పెద్ద బ్రాండ్ల బాటిల్స్‌కే చూడండి.

నెయ్యి ప్యాకెట్ అయితే అతుకుల మీద గీతల డిజైన్ చూడండి, అసలు ప్యాకెట్‌లో ఎన్ని గీతలు, ఎంత వెడల్పు అన్నది మెషీన్ పళ్ళని బట్టి ఉంటుంది, లేబుల్ కాపీ కొట్టినంత ఈజీగా అది రాదు. చేతి సీలర్‌తో వేసినవి ఒక్క సన్న గీత ఉంటుంది, మూల్లో నెయ్యి చెమర్చి ఉంటుంది.

తేనెని నీళ్ళలో వేసి చూడడం, అగ్గిపుల్లకి రాసి వెలిగించడం లాంటివి చేసి నాకు ఫోటోలు పంపకండి, చిక్కగా ఉన్న చక్కెర పాకం కూడా వాటిలో పాస్ అవుతుంది. అడుగున గడ్డకట్టిందని కూడా భయపడకండి, అసలు తేనె గడ్డకడుతుంది.

6. అనుమానం నిలబడితే

ఒక్క తేడా దొరికితే ఆగండి, కంపెనీలు లేబుల్ మారుస్తుంటాయి, ప్రింటర్ మారుస్తుంటాయి. కోడ్‌లో ఒకటి, సీల్‌లో ఒకటి, కొన్న తీరులో ఒకటి, ఇలా వేరే వేరే చోట్ల తేడాలు కలిస్తే అప్పుడు ముందుకెళ్ళండి. ప్లాంట్ అక్షరం లిస్టులో లేకపోవడం, లైసెన్స్ నంబర్ అంకెలు తప్పడం మాత్రం ఒక్కొక్కటే చాలు.

తెరవని ప్యాక్ ఒకటి తప్పకుండా అలాగే ఉంచండి, తెరిచింది కూడా పారేయొద్దు, మూత పెట్టి పక్కన పెట్టండి, వదిన పారబోసింది కానీ అది కూడా పనికొచ్చేది. కంపెనీ కస్టమర్ కేర్‌కి బ్యాచ్ నంబర్, కొన్న చోటు, ఫోటోలు పంపండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, 1800112100 ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. మీరే ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకునే హక్కు కూడా చట్టంలో ఉంది, ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 40, ఫీజు కట్టాలి, కానీ టెస్ట్‌కి ఇస్తానని కొనేటప్పుడే షాపు వాడికి చెప్పాలి, ఇంటికొచ్చాక గుర్తొస్తే ఈ దారి ఉండదు.

షాపు పేరు పెట్టి గ్రూప్‌లో ఫోటో వేయడం మాత్రం కంపెనీ రిప్లై వచ్చే దాకా ఆపండి, చాలాసార్లు ఆ షాపు వాడు కూడా మోసపోయినవాడే అయ్యుంటాడు.

ఇంకో పని, ఖాళీ అయిన తేనె బాటిల్, నెయ్యి డబ్బా చెత్తలో వేసేటప్పుడు లేబుల్ చించేసి, మూతకి మేకుతో ఒక కన్నం కొట్టి వేయండి.